తప్పుల్లేని మెసేజ్, తప్పుడు అలారం

(బ్యాంకు ఫ్రాడ్ టీమ్‌లో మోడల్స్ మీద పనిచేసే ఒకరు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా వెనక్కి? సరే.

ఫిషింగ్ మెసేజ్‌ని, అంటే డబ్బో పాస్‌వర్డో లాగడానికి పంపే దొంగ మెసేజ్‌ని ఎలా గుర్తుపట్టాలి అని ఎవర్నడిగినా ముందు చెప్పేది ఒకటే, స్పెల్లింగ్ తప్పులుంటాయి, గ్రామర్ బాగోదు, భాష ఎక్కడో అనువాదం చేసినట్టు ఉంటుంది అని. ఆ సలహా ఇప్పుడు పనిచెయ్యట్లేదు, అది మీకూ తెలుసు. కానీ నేను ఇంకొంచెం వెనక్కెళ్లి అడుగుతాను, అసలు ఆ తప్పులు అంతకాలం ఎందుకున్నాయి? కోట్లు కొట్టేద్దామనుకునేవాడు భాష వచ్చినోడికి నాలుగు డబ్బులిచ్చి మెసేజ్ ఒకసారి దిద్దించుకోలేడా? దిద్దించుకోగలడు. చాలామంది కావాలనే దిద్దించుకోలేదని ఒక వాదనుంది.

దీనిమీద 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కోర్మాక్ హెర్లీ అనే ఆయన ఒక పేపర్ రాశాడు. వారసత్వం డబ్బులున్నాయి, మీ అకౌంట్ నంబర్ ఇవ్వండి అనే టైపు పాత మెయిళ్లున్నాయి కదా, అవి అంత నమ్మశక్యంగా లేకుండా ఎందుకుంటాయి అనేది ఆయన ప్రశ్న. ఆయన జవాబు ఏంటంటే మోసగాడికి మెయిల్ పంపడం దాదాపు ఫ్రీ, ఖర్చంతా రిప్లై వచ్చాక మొదలవుతుంది. రిప్లై ఇచ్చినోడితో రోజుల తరబడి మాట్లాడాలి, నమ్మించాలి, డబ్బు పంపేదాకా తీసుకురావాలి. మధ్యలో వాడికి అనుమానమొచ్చి ఆగిపోతే ఆ టైమంతా బూడిదలో పోసినట్టే. అందుకని మొదటి మెయిలే కొంచెం వికారంగా ఉంటే తెలివైనవాళ్లు అక్కడే నవ్వుకుని డిలీట్ చేస్తారు, మిగిలేది చివరిదాకా వచ్చేవాళ్లు. అంటే ఆ తప్పులు జల్లెడ లాగా పనిచేశాయి.

దీన్ని లెక్కలో పెడదాం, ఎందుకంటే ఇదే లెక్క కాసేపట్లో బ్యాంకు వైపు నుంచి మళ్లీ వస్తుంది. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి, ఎక్కడో కొలిచినవి కావు. పది లక్షల మందికి మెయిల్ వెళ్లిందనుకోండి, వాళ్లలో నిజంగా చివరిదాకా మోసపోయేవాళ్లు వంద మందే అనుకుందాం. మెయిల్ బ్రహ్మాండంగా రాశాడు, రెండు శాతం మంది నమ్మి రిప్లై ఇచ్చారు, అంటే ఇరవై వేల మంది. వాళ్లలో ఆ వందమందీ ఉన్నా సరే, రెండొందల సంభాషణలు నడిపితే ఒకచోట డబ్బొస్తుంది, నూటతొంభై తొమ్మిది వేస్ట్. అదే మెయిల్ చెత్తగా రాశాడు, రిప్లై ఇచ్చింది మూడొందల మందే, కానీ వాళ్లలో ఒక నలభై మంది చివరిదాకా వచ్చేవాళ్లు. ఇప్పుడు ఏడెనిమిది సంభాషణలకి ఒకటి గిట్టుబాటు. కూర్చుని మాట్లాడే మనుషులు పదిమందే ఉన్న ముఠాకి రెండోదే లాభం.

ఇప్పుడు మనిషిలాగే వాక్యాలు రాసే లాంగ్వేజ్ మోడల్ ఎక్కడ దెబ్బకొట్టిందో చూడండి. అందరూ "మెసేజ్ బాగా రాస్తోంది" అంటారు, అది నిజమే గానీ అసలు విషయం అది కాదు. మాట్లాడే ఖర్చు పడిపోయింది. ఇరవై వేలమంది రిప్లై ఇచ్చినా ఇరవై వేలమందికీ ఓపిగ్గా, ఒక్కొక్కరి ధోరణికి తగ్గట్టు, రాత్రి రెండింటికైనా జవాబివ్వగలిగేది దొరికింది. కాబట్టి జల్లెడ అవసరం తీరిపోయింది. తెలివైనవాళ్లని మొదట్లోనే వదిలించుకోవాల్సిన పని లేదు, వాళ్లని కూడా ఒక చేత్తో లాగి చూడొచ్చు, పోతే పోయేదేం లేదు. అందుకే ఇంతకుముందు ఈ టైపు మోసాల జోలికే రానివాళ్లు, అంటే చదువుకున్నవాళ్లు, అకౌంట్స్ డిపార్ట్‌మెంట్లో ఇరవై ఏళ్లు చేసినవాళ్లు, వాళ్లూ ఇప్పుడు టార్గెట్ అవుతున్నారు.

క్వాలిటీ గురించి కూడా రెండు ముక్కలు చెప్తాను. 2023లో ఐబీఎం వాళ్ల ఎక్స్-ఫోర్స్ టీమ్ ఒక పోలిక చేసింది. వాళ్ల మనుషులు ఒక ఫిషింగ్ మెయిల్ తయారుచెయ్యడానికి మామూలుగా పదహారు గంటలు పడుతుందట, మోడల్‌తో ఐదు ప్రాంప్టులు, ఐదు నిమిషాల్లో ఐపోయింది. క్లిక్ చేసినవాళ్లు మనుషులు రాసినదానికి 14 శాతం, మోడల్ రాసినదానికి 11 శాతం, అంటే అప్పటికి మనిషిదే కొంచెం పైచేయి. 2024లో హార్వర్డ్ పరిశోధకుడు ఫ్రెడ్ హైడింగ్, ఆయనతో ఇంకొందరు కలిసి 101 మంది మీద చేసిన ప్రయోగంలో మామూలు స్పామ్ టైపు మెయిల్‌కి 12 శాతం క్లిక్ చేస్తే, నిపుణులు రాసినదానికి 54, మొత్తం మోడలే మనిషి గురించి వెతికి తనే రాసి పంపినదానికి కూడా 54. రెండూ వేరే వేరే పద్ధతుల్లో చేసినవి కాబట్టి పక్కపక్కన పెట్టి ఇంత పెరిగింది అని తేల్చెయ్యకూడదు, కానీ దిశ ఏంటో తెలుస్తుంది. నాకైతే ఆ రెండో ప్రయోగంలో 54 కన్నా "తనే వెతికి" అన్న మాటకే ఎక్కువ భయం వేసింది. ఒక మనిషి గురించి నెట్లో చూసి, ఏ ప్రాజెక్టులో ఉన్నాడు, ఎవరితో పనిచేస్తాడు అని తెలుసుకుని రాయడం, అది ఇదివరకు పెద్ద చేపలకి మాత్రమే చేసేవాళ్లు, ఎందుకంటే టైమ్ పడుతుంది కాబట్టి.

ఇంకోటి, ఇది టెక్నికల్‌గా ముఖ్యం. మెయిల్ ఫిల్టర్లు చాలాకాలం ఒకే మెసేజ్ లక్షమందికి వెళ్తుందన్న దానిమీద ఆధారపడ్డాయి. ఒకరు రిపోర్ట్ చేస్తే అలాంటివే మిగతా అందరి దగ్గరా ఆపెయ్యొచ్చు. ఇప్పుడు లక్షమందికి లక్ష రకాలుగా వెళ్తుంది, ఒకదానికొకటి పోలిక పట్టడం కష్టం. చిన్న భాషల్లో కూడా అంతే, ముందు ఆ భాషల్లో వచ్చే మోసం మెసేజ్ చూడగానే మెషిన్ అనువాదం అని తెలిసిపోయేది, ఆ రక్షణ కూడా పోయింది.

సరే, ఒక కేసు తీసుకుందాం. ఇది కల్పించిందే, కానీ ఇందులో ఉన్న ప్రతి ముక్కా ఈ పని చేసేవాళ్లకి బాగా తెలిసిందే. ఒక మధ్యస్థాయి కంపెనీ, దానికి సామాను సప్లై చేసే ఇంకో కంపెనీ. సప్లయర్ దగ్గర ఒకాయన పాస్‌వర్డ్ ఎక్కడో లీకైంది, అదే పాస్‌వర్డ్ మెయిల్‌కీ పెట్టుకున్నాడు. మోసగాడు ఆ మెయిల్‌బాక్స్‌లోకి దూరాడు, దూరి ఏమీ చెయ్యలేదు, ఒక రూల్ పెట్టాడు అంతే, ఫలానా కంపెనీ నుంచి వచ్చే మెయిళ్లు వేరే ఫోల్డర్‌లోకి పోయేలాగా. తర్వాత పాత మెయిళ్లన్నీ చదివాడు. ఇదివరకైతే ఈ చదివే పనికే వారం పట్టేది. ఇప్పుడు మొత్తం మోడల్‌కి ఇచ్చేస్తే ఎవరు ఎవరికి ఎలా రాస్తారు, ఇన్‌వాయిస్ ఎప్పుడు పంపుతారు, ఈయన చివర్న సంతకం ఎలా పెడతాడు, అవతలావిడని పేరుతో పిలుస్తాడా మేడమ్ అంటాడా, అన్నీ తీసి ముందు పెడుతుంది.

ఆ తర్వాత కొత్త మెయిల్ కాదు, నడుస్తున్న థ్రెడ్‌లోనే రిప్లై వెళ్లింది. "గురువారం పంపిన ఇన్‌వాయిస్ గురించి, ఆడిట్ జరుగుతోంది కాబట్టి ఈసారికి పేమెంట్ ఈ అకౌంట్‌కి చెయ్యండి, లెటర్ జతచేశాను" అని. అవతలావిడ అకౌంటెంట్, జాగ్రత్త మనిషి, తిరిగి అడిగింది, ఇంతకుముందెప్పుడూ మార్చలేదు కదా ఏమైంది అని. పది నిమిషాల్లో జవాబొచ్చింది, ఆయన ధోరణిలోనే, పోయిన నెల డెలివరీ లేటైన సంగతి కూడా ప్రస్తావిస్తూ. ఆవిడ నమ్మింది. నేనైనా నమ్మేవాణ్ణే.

ఇక్కడ మెయిల్ సెక్యూరిటీ ఏం చేస్తోంది అంటారా? SPF, DKIM, DMARC అని మూడు చెకింగులుంటాయి, ఈ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసేవి. మూడూ పాసయ్యాయి, ఎందుకంటే నిజంగానే ఆ డొమైన్ నుంచే వచ్చింది, అసలు మెయిల్‌బాక్స్ నుంచే! మెయిల్‌బాక్స్ దొరకనప్పుడు చేసే ఇంకో పద్ధతుంది, m బదులు rn పెట్టి చూడ్డానికి ఒకేలా ఉండే డొమైన్ కొనుక్కుని దానికి ఈ మూడూ పద్ధతిగా సెటప్ చేసుకోవడం. అప్పుడూ పాసే. ఆ చెకింగులు పంపినోడి అడ్రస్ నిజమా కాదా అని చెప్తాయి, మనిషి మంచోడా కాదా అని చెప్పవు.

ఇలాంటివాటిని బిజినెస్ ఈమెయిల్ కాంప్రమైజ్ అంటారు. అమెరికాలో ఎఫ్‌బీఐకి 2023లో వచ్చిన ఫిర్యాదుల్లో ఈ ఒక్క రకంలోనే పోయింది దాదాపు 290 కోట్ల డాలర్లు.

ఇప్పుడు బ్యాంకు వైపు వద్దాం, నా పని అక్కడే కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

మొదటి విషయం, బ్యాంకు ఆ మెయిల్ చూడదు. అది ఎంత అందంగా రాశారో, ఎవరు రాశారో మాకు తెలీదు. మాకు వచ్చేది ఒక వరుస, ఫలానా అకౌంట్ నుంచి ఫలానా అకౌంట్‌కి ఇంత, ఈ టైమ్‌కి, ఈ డివైజ్ నుంచి. ఇది మా బలహీనతా, బలమూ కూడా. భాష ఎంత మారినా డబ్బు చివరికి ఏదో ఒక అకౌంట్‌లో దిగాలి, అక్కణ్ణుంచి బయటికి పోవాలి, ఆ కదలికని మోడల్ రాసే మంచి వాక్యం దాచలేదు.

ఈ వరుసలకి మార్కులు వెయ్యడం కొత్తేం కాదు. కార్డ్ ఫ్రాడ్‌కి న్యూరల్ నెట్‌వర్క్ వాడే ఫాల్కన్ అనే సిస్టమ్ 1992లోనే వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి గ్రేడియంట్ బూస్టెడ్ ట్రీస్, అంటే ఒక ప్రశ్న తర్వాత ఇంకో ప్రశ్న వేసుకుంటూ తేల్చే చిన్న చిన్న డెసిషన్ ట్రీలు వందలకొద్దీ, ప్రతి కొత్త ట్రీ ముందున్నవన్నీ కలిసి చేసిన తప్పుని కొంచెం దిద్దుతుంది. ఎందుకు ఇవే అంటే ఇలాంటి టేబుల్ డేటా మీద బాగా పనిచేస్తాయి, స్పీడ్‌గా జవాబిస్తాయి, పేమెంట్ మధ్యలో మాకుండే టైమ్ సెకన్లో చిన్న భాగమే. అసలు కష్టం ట్రీలో లేదు, దానికిచ్చే ఫీచర్లలో, అంటే అది చూసి తేల్చుకునే వివరాల్లో ఉంది. మొత్తం ఎంత అన్నది దానంతటదే ఏం చెప్పదు, ఈ కస్టమర్ మామూలుగా పంపేదానికి ఇది ఎన్ని రెట్లు అన్నది చెప్తుంది. గత గంటలో ఎన్ని పేమెంట్లు, ఈ పేమెంట్ అందుకునేవాణ్ణి ఎప్పుడు యాడ్ చేశారు, డివైజ్ ఇంతకుముందు చూసిందేనా, స్క్రీన్ షేరింగ్ యాప్ ఏదైనా నడుస్తోందా, ఫోన్‌కాల్‌లో ఉండగా పేమెంట్ చేస్తున్నారా, ఇలాంటివి.

మన అకౌంటెంట్ పేమెంట్ ఇప్పుడు మా దగ్గరికొచ్చింది. చూద్దాం. డివైజ్ పాతదే. పాస్‌వర్డ్ కరెక్ట్, ఓటీపీ కరెక్ట్, ఎందుకంటే కొట్టింది ఆవిడే. టైమ్ పగలు పదకొండు, రోజూ ఆవిడ పేమెంట్లు చేసే టైమే. మొత్తం ఈ సప్లయర్‌కి మామూలుగా పోయేదానికి 1.1 రెట్లు, అంటే ఏమీ తేడా లేదు, ఎందుకంటే ఇన్‌వాయిస్ నిజమైనదే. అకౌంట్ దొంగిలించినప్పుడు కనిపించే గుర్తులు ఒక్కటీ లేవు. ఆథరైజ్డ్ పుష్ పేమెంట్ ఫ్రాడ్ అనేది దీన్నే, అసలు కస్టమరే తన చేత్తో పంపడం. పాత మోడల్స్ ఇక్కడే బోల్తా పడతాయి, అవి "ఇది ఆ మనిషేనా" అని నేర్చుకున్నాయి. ఇక్కడ ఆ మనిషే.

ఎర్రగా కనిపించేది ఒకటే, అందుకునే అకౌంట్ ఇరవై నిమిషాల క్రితం యాడ్ చేసింది. కానీ కంపెనీ అకౌంట్లలో కొత్తవాళ్లని యాడ్ చెయ్యడం రోజూ ఉండేదే. మా స్కోర్ సున్నా నుంచి 999 దాకా అనుకోండి, 600 దాటితే స్క్రీన్ మీద హెచ్చరిక, 850 దాటితే పేమెంట్ ఆపి మనిషి చూస్తాడు. ఇది 480 వచ్చింది. ఏ చప్పుడూ లేకుండా పోతుంది.

ఇప్పుడు ఒక ఫీచర్ కలుపుదాం. కొత్తగా యాడ్ చేసిన పేరు, ఈ కస్టమర్ దగ్గర ముందే ఉన్న ఇంకో పేరుతో సరిపోతోంది, కానీ అకౌంట్ నంబర్ వేరు. మనిషికి ఎంత తేలిగ్గా తడుతుందో చూడండి, కానీ ఎవరో ఒకరు కూర్చుని దీన్ని ఫీచర్‌గా రాస్తే గానీ మోడల్‌కి తెలీదు. స్కోర్ 660. హెచ్చరిక వచ్చింది, "మీరు ఈ అకౌంట్ మార్పుని ఫోన్ చేసి నిర్ధారించుకున్నారా?" అని. ఆవిడ అవును అని నొక్కింది, ఎందుకంటే మెయిల్లో నిర్ధారించుకుంది కదా. (నవ్వులు) నవ్వకండి, ఆవిడ తప్పేం లేదు, అలాంటి బాక్సులు రోజుకి పది వస్తాయి ఆవిడకి.

మూడోది కలుపుదాం, అందుకునే అకౌంట్ వైపు సమాచారం. అది మూడు వారాల క్రితం తెరిచింది, కంపెనీ పేరుమీద కాదు వ్యక్తి పేరుమీద ఉంది, ఇంతవరకూ వచ్చినవన్నీ చిన్న మొత్తాలు, వచ్చిన ప్రతిదీ నిమిషాల్లో వేరే చోటికి పోయింది. ఇలాంటి అకౌంట్లనే మ్యూల్ అకౌంట్లు అంటాం, డబ్బు మోసుకుపోవడానికి వాడేవి. ఇది చేరేసరికి స్కోర్ 900, పేమెంట్ ఆగింది. కానీ ఈ మూడోది పంపే బ్యాంకుకి మామూలుగా కనపడదు! అందుకునే అకౌంట్ వేరే బ్యాంకులో ఉంటే దాని వయసు, దాని చరిత్ర అవతలి బ్యాంకు దగ్గరుంటాయి. అందుకే నేను ఎక్కడ మాట్లాడినా ఇదే గొడవ పెట్టుకుంటాను, మోడల్‌ని ఇంకా పెద్దది చెయ్యడం కన్నా బ్యాంకుల మధ్య ఈ నాలుగు కాలమ్‌లు పంచుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. పేరూ నంబరూ సరిపోయాయా అని చెప్పే సౌకర్యం కొన్ని దేశాల్లో వచ్చింది, బ్రిటన్‌లో కన్ఫర్మేషన్ ఆఫ్ పేయీ అంటారు, మన కేసులో అదొక్కటే ఉన్నా పేరు తేడా బయటపడేది.

ఆపడం తేలికే కదా, 850ని 600 చేస్తే సరిపోతుంది కదా అనొచ్చు మీరు. ఇందాకటి లెక్క ఇక్కడ తిరిగొస్తుంది, ఈసారి బ్యాంకు వైపు నుంచి. రోజుకి పది లక్షల పేమెంట్లు, అందులో ఫ్రాడ్ వంద. మోడల్ చాలా మంచిది, వందలో తొంభై పట్టేస్తుంది, మంచివాటిల్లో తప్పుగా పట్టేది అర శాతమే. వినడానికి గొప్పగా ఉంది కదా? అర శాతం అంటే ఐదు వేలు. అంటే రోజుకి 5,090 అలర్ట్‌లు వస్తే అందులో నిజమైనవి తొంభై, దాదాపు యాభై ఏడు చూస్తే ఒకటి. ఒక్కోటి చూడ్డానికి పది నిమిషాలు వేసుకోండి, 848 గంటలు, ఎనిమిది గంటల చొప్పున 106 మంది కూర్చోవాలి రోజూ. పైగా ఐదు వేలమంది మంచి కస్టమర్లు, ఒకాయన ఇల్లు కొనడానికి చివరి పేమెంట్ చేస్తున్నాడు, ఇంకొకావిడ ఆస్పత్రిలో కడుతోంది, అవి ఆగాయి.

అందుకని గీత పైకి జరుపుతాం. తప్పుగా పట్టేది 0.05 శాతానికి తెస్తే ఐదొందలు, కానీ పట్టే ఫ్రాడ్ అరవైకి పడిపోయింది. 560 అలర్ట్‌లు, తొమ్మిదికి ఒకటి నిజం, పన్నెండు మంది చాలు. మరి ఆ ముప్ఫై? ఆ ముప్ఫైని వదిలెయ్యాలని తెలిసే వదిలేస్తున్నాం. ఎవరూ ఇలా పచ్చిగా చెప్పరు గానీ థ్రెషోల్డ్ పెట్టడం అంటే అదే.

ఇదే నేను చెప్పడానికొచ్చింది. మోసగాడికీ బ్యాంకుకీ ఒకటే సమస్య ఉండేది, చాలామందిలోంచి కొద్దిమందిని పట్టాలి, తప్పుగా పట్టిన ప్రతి ఒక్కరికీ ఖర్చవుతుంది. లాంగ్వేజ్ మోడల్ వాడి ఖర్చుని దాదాపు తీసేసింది. మా ఖర్చు అలాగే ఉంది, ఎందుకంటే మేం తప్పుగా ఆపింది నిజం మనిషి పేమెంట్.

మోడల్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది అని కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది మోసపోతారు. నేర్చుకునేవాళ్లందరూ వాడే డేటా ఒకటుంది, యూరప్ కార్డ్‌హోల్డర్లది, 2013 సెప్టెంబర్‌లో రెండు రోజులది, బ్రస్సెల్స్ యూనివర్సిటీ పరిశోధకులు బయటపెట్టింది. 2,84,807 ట్రాన్సాక్షన్లు, అందులో ఫ్రాడ్ 492. ఏమీ చూడకుండా "అన్నీ మంచివే" అని చెప్పే మోడల్‌కి కూడా దానిమీద 99.8 శాతం యాక్యురసీ వస్తుంది. కాబట్టి ఎవరైనా మా ఫ్రాడ్ మోడల్‌కి 99 శాతం యాక్యురసీ అంటే ఆ మాటకి అర్థం లేదు. అడగాల్సింది రెండు, మీరు పట్టినవాటిలో నిజమైనవెన్ని, ఉన్న ఫ్రాడ్‌లో మీరు పట్టిందెంత. ఇంకా గట్టిగా అడగాలంటే పట్టిన డబ్బెంత అని, ఎందుకంటే చిన్నవి వంద పట్టి మన అకౌంటెంట్ లాంటిది ఒకటి వదిలితే లెక్క తలకిందులే.

దానికన్నా లోపలి సమస్య ఇంకోటుంది, లేబుల్స్, అంటే ఏ వరుస ఫ్రాడ్, ఏది మంచిది అని డేటాలో పెట్టే గుర్తులు. మన కేసులో పేమెంట్ వెళ్లిపోయిందనుకోండి. ఫ్రాడ్ అని ఎప్పుడు తెలుస్తుంది? అసలు సప్లయర్ నెల తర్వాత ఫోన్ చేసి, ఏమ్మా డబ్బు పడలేదేంటి అని అడిగినప్పుడు. ఆ నెలంతా మా డేటాలో ఆ వరుస "మంచిది" అని ఉంటుంది, ఈలోపు మోడల్‌ని మళ్లీ ట్రైన్ చేస్తే అది మంచిదనే నేర్చుకుంటుంది. అందుకే కొత్త వారాల డేటాని పక్కనపెట్టి పాతదాంతో ట్రైన్ చేస్తారు, అలా చేస్తే మోసగాళ్ల కొత్త పద్ధతి మోడల్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. ఏది చేసినా నష్టమే. ఇంక ఆపేసినవాటి సంగతి వేరే, ఆపాం, కస్టమర్ విసుక్కుని ఆ పేమెంట్ మానేశాడు, అది నిజంగా ఫ్రాడా కాదా ఎప్పటికీ తెలీదు. మోడల్ తను ఆపినవాటి గురించి ఏమీ నేర్చుకోదు. దీనికోసం కొన్నిచోట్ల స్కోర్ ఎక్కువొచ్చినా సరే చిన్న మొత్తాల్లో కొద్దిగా, యాదృచ్ఛికంగా వదిలి చూస్తారు. లెక్కప్రకారం అది కరెక్టే, కానీ అలా వదిలినదాంట్లో నష్టపోయేది ఎవరు, ఆ నష్టం బ్యాంకు పెట్టుకుంటుందా అన్నది ముందే తేల్చుకోకుండా చెయ్యకూడదని నా అభిప్రాయం. మా మీటింగుల్లో దీనిమీద గట్టి వాదనలే జరుగుతాయి.

టైమ్ ఎంతైంది? ఇంకో పది నిమిషాలుందా, సరే, ప్రశ్నలు తీసుకుందాం.

(ప్రేక్షకుల్లోంచి: సార్, పేమెంట్ ఆపి బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తే సరిపోతుంది కదా, కస్టమర్‌కి అప్పుడైనా తెలుస్తుంది కదా?)

చేస్తాం. మంచి ప్రశ్న. మెసేజ్ వ్యవహారం మళ్లీ ఇక్కడ అడ్డొస్తుంది. మోసగాడు ముందే చెప్పి ఉంచుతాడు, బ్యాంకు నుంచి ఫోన్ రావచ్చు, ఇల్లు రిపేరుకి అని చెప్పండి, లేకపోతే వాళ్లు ఆలస్యం చేస్తారు అని. పెట్టుబడి పేరుతోనో ప్రేమ పేరుతోనో నెలల తరబడి చేసేవాటిల్లో ఇది చాలా ఎక్కువ, అక్కడ కస్టమర్ మనతో కాదు వాడితో జట్టు. మేం ఏ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో అప్పటికప్పుడు రాసిచ్చేవాడు అవతల ఇరవై నాలుగ్గంటలూ ఉన్నాడు ఇప్పుడు. అందుకని "మీరే చేశారా?" అని అడగడం దండగ, ఔననే అంటారు. మా దాంట్లో పనికొచ్చేది వేరే రకం ప్రశ్న, ఈ అకౌంట్ నంబర్ మీకు ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు, వాళ్లతో మీరు ఎదురుగా మాట్లాడారా, పాత నంబర్‌కి ఫోన్ చేశారా. మన అకౌంటెంట్‌ని ఆ చివరి ప్రశ్న ఒక్కటి అడిగుంటే ఆగేది, మెయిల్లో ఉన్న నంబర్‌కి కాదు, ఫైల్లో ముందునుంచీ ఉన్న నంబర్‌కి.

(ఇంకొకరు: కొత్త అకౌంట్‌కి మొదటిసారి పంపేవన్నీ ఒక రోజు ఆపేస్తే ఏంటి సార్ నష్టం? మోడలే అక్కర్లేదు.)

ఐడియా బావుంది, కొన్ని చోట్ల అలా చేస్తున్నారు కూడా, కొత్తగా యాడ్ చేసినవాళ్లకి మొదటి కొన్ని గంటలు ఇంతకు మించి పంపడానికి లేదు అని. తొందరపెట్టి చేయించే మోసాలకి బాగా పనిచేస్తుంది, వాడి బలమంతా "ఇప్పుడే చెయ్యండి" అనడంలోనే ఉంటుంది కాబట్టి. కానీ మన కేసు చూడండి, వాడికి తొందర లేదు, ఒక రోజు ఆగుతాడు. ఇంకోటి కూడా చేస్తారు, ముందు చిన్న మొత్తం ఒకటి పంపించుకుంటారు, వారం తర్వాత పెద్దది, అప్పటికి అది "కొత్త అకౌంట్" కాదు కదా. అందుకే మా దగ్గర యాడ్ చేసి ఎన్నాళ్లైంది అన్న ఫీచర్ ఒక్కదాన్నే నమ్మం, చిన్నదానికీ పెద్దదానికీ మధ్య తేడా ఎన్ని రెట్లు అనేది కూడా పెడతాం.

(ఇంకొకరు: మీరూ లాంగ్వేజ్ మోడల్స్ వాడతారా, అంటే పట్టుకోడానికి?)

పేమెంట్‌కి స్కోర్ వెయ్యడానికి వాడం, అక్కడ టైమూ లేదు, చదవడానికి వాక్యాలూ లేవు, అంకెలే. పనికొచ్చేది తర్వాత. కస్టమర్లు ఫిర్యాదులో పెద్ద పెద్ద పేరాలు రాస్తారు, ఏ నంబర్ నుంచి ఫోనొచ్చింది, ఏం చెప్పారు, ఏ అకౌంట్‌కి పంపమన్నారు అని, వందల ఫిర్యాదుల్లోంచి ఆ వివరాలు లాగి టేబుల్‌లో పెట్టడానికి బాగుంటుంది, దాంతో ఇందాక చెప్పిన లేబుల్ వారం ముందు దొరుకుతుంది. కానీ తీసిన అకౌంట్ నంబర్‌ని ఒక మనిషి అసలు ఫిర్యాదుతో సరిచూడకుండా ఏ అకౌంట్‌నీ ఫ్రీజ్ చెయ్యం. ఒక అంకె తేడా వస్తే ఇంకెవరిదో అకౌంట్ ఆగిపోతుంది, మర్నాడు జీతం పడి తీసుకోలేక మా కౌంటర్ దగ్గర నిలబడేది ఆ మనిషి.